జిమ్ బోర్డు మీద మూడు ధరలు: ఏది నిజంగా చవకో కాగితం మీద తేల్చుకోవడం ఎలా

బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి వైపు ఏ జిమ్‌లోకి వెళ్ళినా రిసెప్షన్ వెనక గోడ మీద ఇంచుమించు ఇలాంటి బోర్డే ఉంటుంది. అంకెలు అటూ ఇటూ మారతాయి గానీ అమరిక మాత్రం ఒకటే.

1 నెల: ₹2,999
6 నెలలు: ₹13,999
12 నెలలు: ~~₹35,988~~ ₹15,999 (55% తగ్గింపు, ఈ రోజు వరకే)

కింద చిన్న అక్షరాల్లో: రిజిస్ట్రేషన్ ₹999. జీఎస్టీ అదనం.

ఇది మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో పంపిన బోర్డు. వెనకే ఒక ప్రశ్న: "అన్నయ్యా, ఏడాదిది తీసేసుకోనా? ఆరు నెలలకే పద్నాలుగు వేలు పోతుంటే, ఇంకో రెండు వేలు వేస్తే ఏడాదంతా వస్తుంది కదా." నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చందా ప్లాన్లకి ధరలు పెట్టే టీమ్‌లో పనిచేస్తాను. అందుకని ఇంట్లో ఎవరికి ఇలాంటి సందేహం వచ్చినా నాకే ఫోన్ వస్తుంది. వాడి ప్రశ్న చూస్తేనే బోర్డు తన పని ఎంత బాగా చేసిందో తెలుస్తోంది. జిమ్‌కి ఎన్నాళ్ళు వెళ్తాననేది వాడు అడగడం లేదు. ఆరు నెలలా, పన్నెండు నెలలా అన్నదొక్కటే అడుగుతున్నాడు. చేరాలా వద్దా, ఈ జిమ్మేనా, ఒక్క నెల చూస్తే సరిపోదా అన్న ప్రశ్నలు అప్పటికే పక్కకి వెళ్ళిపోయాయి.

ఈ చిన్న బోర్డు మీద మూడు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. కొట్టేసిన 35,988 మన లెక్కని పైకి లాగి అక్కడ కట్టేస్తుంది. దీన్నే యాంకరింగ్ అంటారు. చివర ఉన్న 999లు ధరని ఒక మెట్టు కిందకి దించి చూపిస్తాయి. మధ్యలో ఉన్న ఆరు నెలల ప్లాన్ అమ్ముడుపోవడానికి పెట్టింది కాదు, పక్కదాన్ని అమ్మించడానికి పెట్టింది. దీని పేరు డెకాయ్. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా విప్పి, అసలు లెక్క కాగితం మీదకి ఎలా తేవాలో ఈ బోర్డుతోనే చూద్దాం.

మొదట మన అంకె, తర్వాత వాళ్ళ బోర్డు

ఈ పని జిమ్‌లో అడుగు పెట్టకముందే చేయాలి. ఫోన్ నోట్స్‌లో రెండు వాక్యాలు రాసుకోండి. ఒకటి, నాకు కావలసింది ఏమిటి. రెండు, దానికి నెలకి ఎంత వరకు పెట్టగలను. మా వాడి చేత రాయిస్తే వచ్చింది ఇది: "వారానికి మూడు రోజులు, ఆఫీసుకి వెళ్ళే ముందు, ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం. నెలకి 2,000 దాటకూడదు."

ముందే రాయడం ఎందుకంటే, ఒకసారి పెద్ద అంకె కంటపడ్డాక మన అంచనా స్వతంత్రంగా ఉండదు. 1974లో ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో అందరూ చెప్పుకునేది. మనుషుల ముందు ఒక చక్రం తిప్పారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చారు. ఆ తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల వాటా ఎంత శాతం ఉంటుందని అడిగారు. 10 చూసినవాళ్ళ మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్ళది 45. చక్రానికీ ఆఫ్రికాకీ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు, అయినా అంకె పనిచేసింది.

"నాకు ధరలు బాగా తెలుసు, నన్ను ఎవరూ బోల్తా కొట్టించలేరు" అనేవాళ్ళకి 1987 నాటి ఇంకో పరిశోధన చూపించాలి. అమెరికాలోని టూసాన్‌లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇళ్ళ అమ్మకాలు చేసే ఏజెంట్లని నిజంగా ఒక ఇంటికి తీసుకెళ్ళి చూపించారు. వివరాల పత్రంలో యజమాని అడుగుతున్న ధర ఒక్కటి మాత్రం మనిషిమనిషికీ మార్చారు. ఎక్కువ ధర చూసిన ఏజెంట్లు ఇంటి విలువ ఎక్కువ కట్టారు, తక్కువ చూసినవాళ్ళు తక్కువ కట్టారు. అడిగితే మాత్రం, ఆ ధరని తాము పట్టించుకోలేదనే చాలామంది చెప్పారు. అనుభవం దీన్ని పూర్తిగా ఆపదు. ఈ మాయ గురించి తెలిసి ఉండడం కూడా ఆపదు. అందుకే నేను జాగ్రత్తగా ఉండండి అని చెప్పడం లేదు, రాసుకోండి అంటున్నాను. బోర్డు చూశాక మనసులోని అంకె జరుగుతుంది, నోట్స్‌లో రాసింది జరగదు.

ఇంకో చిన్న పని ఉంది. అదే వీధిలో ఉన్న ఇంకో రెండు జిమ్‌ల నెల ధర ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏసీ లేని చిన్న జిమ్ కూడా అందులో ఒకటి ఉండాలి. బోర్డు మీది నెల ధరని పక్క జిమ్ నెల ధరతో పోల్చుకుంటే కాళ్ళు నేల మీద ఉంటాయి. దాని మీదున్న కొట్టేసిన అంకెతో పోలిస్తే ఉండవు.

కొట్టేసిన ధర ఎక్కడ పుట్టింది?

35,988 ఎలా వచ్చిందో చూడండి. 2,999ని 12తో గుణిస్తే సరిగ్గా అదే వస్తుంది. అంటే ఇది పాత ఏడాది ప్లాన్ ధర కాదు. నెలనెలా, ఏడాది పొడవునా, అత్యంత ఖరీదైన పద్ధతిలో ఎవరైనా కడితే అయ్యే మొత్తం. అలా పన్నెండు నెలలూ కట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. ఎవరూ కట్టని ధర మీద 55% తగ్గింపు ఇస్తున్నారన్న మాట.

కొట్టేసిన ధర కనిపించిన ప్రతిచోటా అది ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవాలి. మొదటిది, ఇలా గుణించి తెచ్చిన అంకె. రెండోది, ప్యాకెట్ల మీద ఉండే ఎమ్మార్పీ. మన దేశంలో 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం ప్యాక్ చేసిన సరుకు మీద ఎమ్మార్పీ వేయాలి, అది పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, అంతకంటే ఎక్కువకి అమ్మకూడదు. గరిష్ఠం అంటే అంతవరకే. ఆ ధరకి ఎప్పుడైనా ఎవరికైనా అమ్మారా అన్నది ఆ అంకె చెప్పదు. మిక్సీ మీద ఎమ్మార్పీ చూసి "సగానికి సగం తగ్గించారు" అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇదే. మూడోది, నిజంగా నిన్నటి వరకు అమ్మిన ధర. ఈ మూడోదైతేనే తగ్గింపు అన్న మాటకి అర్థం ఉంటుంది.

తేల్చుకోవడానికి కౌంటర్‌లో అడగాల్సిన ప్రశ్న చాలా మామూలుది: "పోయిన నెల చేరినవాళ్ళు ఏడాదికి ఎంత కట్టారు సార్?" సమాధానం తడబడితే చాలు, మీకు కావలసింది తెలిసిపోయినట్టే. ఆన్‌లైన్ వస్తువైతే కొన్ని వారాలు దాని ధర చూస్తూ ఉండండి. ఆన్‌లైన్‌లో ధరల చరిత్ర చూపే సైట్లు కూడా ఉన్నాయి. జిమ్‌కి అలాంటివి ఉండవు కాబట్టి అక్కడ ఇప్పటికే చేరిన మనిషిని అడగడమే మార్గం. లిఫ్టులో కలిసే పొరుగాయన ఈ విషయంలో ఏ వెబ్‌సైటుకీ తీసిపోడు.

తేలాక చేయాల్సింది ఒకటే. ఆ అంకెని కాగితం మీదకి రానివ్వకండి. మీ లెక్కలో 35,988 అన్నది ఎక్కడా ఉండకూడదు.

999లని తిరగరాయడం

ఇది అందరికీ తెలిసిందే అనిపిస్తుంది, కానీ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు అన్నది తక్కువమందికి తెలుసు. 2005లో మనోజ్ థామస్, విక్కీ మార్విట్జ్ చూపించినది ఏమిటంటే, 2.99 డాలర్లకీ 3.00 డాలర్లకీ మధ్య తేడా ఒక్క సెంటే అయినా, ఎడమ వైపు అంకె మారడం వల్ల 2.99 మనకి బాగా తక్కువగా అనిపిస్తుంది. 3.59కీ 3.60కీ మధ్య కూడా సెంటే తేడా, కానీ ఎడమ అంకె మారదు కాబట్టి ఆ మాయ ఉండదు. మన కళ్ళు ఎడమ నుంచి చదువుతాయి, పరిమాణం గురించిన భావన మొదటి అంకెతోనే ఏర్పడిపోతుంది.

బోర్డులో చూస్తే 2,999 దగ్గర ఈ పని గట్టిగా జరుగుతోంది. "రెండు వేల చిల్లర" అంటాడు మా వాడు. అది మూడు వేలు. 15,999 దగ్గర "పదిహేను వేలు" అని వినిపిస్తోంది, అది పదహారు. వాడి పరిమితి నెలకి 2,000. రెండు వేల చిల్లర అంటే పరిమితి పక్కనే ఉన్నట్టు ఉంటుంది, మూడు వేలు అంటే ఒకటిన్నర రెట్లు దాటినట్టు కనిపిస్తుంది. వెయ్యి రూపాయల తేడా ఒక్క రూపాయిలో దాక్కుంది.

పరిష్కారం కష్టమేమీ కాదు. ప్రతి ధరనీ పైకి సవరించి కాగితం మీద రాయండి, తర్వాత ఆ రాసినదాన్నే చూడండి: నెల 3,000, ఆరు నెలలు 14,000, ఏడాది 16,000, రిజిస్ట్రేషన్ 1,000. ఇంట్లో చెప్పేటప్పుడు కూడా ఆ అంకెలే చెప్పండి.

ఇక్కడో విచిత్రం. 9తో ముగిసే ధర చవక అనిపించడమే కాదు, కొన్నిసార్లు అసలు తక్కువ ధర కంటే ఎక్కువగా అమ్ముడుపోతుంది. ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే దుస్తుని కేటలాగ్‌లో 34, 39, 44 డాలర్లకి వేరువేరు ఇళ్ళకి పంపితే 34 కంటే 39కే ఎక్కువ అమ్ముడైంది. 9 చూడగానే "ఆఫర్‌లో ఉంది కాబోలు" అనిపిస్తుంది. మా టీమ్‌లో ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ, కొత్త ప్లాన్ పెట్టేటప్పుడు 9తో మొదలుపెట్టడం అలవాటుగా మారిపోయింది.

మొత్తం కూడాక వచ్చే "రౌండ్ ఫిగర్"

ఇప్పుడు కౌంటర్‌లో కూర్చున్న మనిషి కాలిక్యులేటర్ తీస్తాడు. ఏడాది ప్లాన్ 15,999, రిజిస్ట్రేషన్ 999, కలిపితే 16,998. జిమ్‌ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 నుంచి 5 శాతానికి తగ్గింది, కాబట్టి పన్ను 849.90. మొత్తం 17,847.90. (ఎవరైనా ఇంకా 18 శాతం వేస్తుంటే బిల్లు అడగండి. పాత బోర్డులు దించడం చాలామంది మర్చిపోతారు.)

అంకెని మీకు చూపించి, కాస్త ఆగి, అతను అనే మాట ఇది: "సరే అన్నా, మీకోసం రౌండ్ ఫిగర్ చేసేస్తాను. పదిహేడు వేల ఐదొందలు ఇవ్వండి."

ప్రాణం లేచొస్తుంది. అంత కచ్చితమైన అంకె వదిలి గుండ్రని అంకెకి దిగాడంటే మన కోసం ఏదో వదులుకున్నట్టే ఉంటుంది. పైసలతో సహా ఉన్న అంకె ఎవరో కష్టపడి లెక్క కట్టిన అంకెలా కనిపిస్తుంది. అందుకే దాని నుంచి ఎక్కువ దూరం బేరమాడడానికి మనకి నోరు రాదు. 2008లో అచ్చయిన ఒక పరిశోధన కూడా ఇదే చెప్పింది: గుండ్రని అంకె చూపిస్తే మనుషులు దాని నుంచి దూరంగా జరిగి అంచనా వేస్తారు, చిల్లరతో ఉన్న అంకె చూపిస్తే దాని చుట్టుపక్కలే ఆగిపోతారు. ఆ చిన్న పరిధిలోనే మనం 348 రూపాయలు గెలిచి సంతోషంగా బయటికి వస్తాం. మొత్తంలో అది రెండు శాతం కూడా కాదు.

చేయాల్సింది ఏమిటంటే, రౌండ్ ఫిగర్ మాట వచ్చినప్పుడు వెంటనే ఒప్పుకోకుండా మొత్తాన్ని మళ్ళీ ముక్కలు చేయండి. ఇందులో ఏ ముక్క తీసేయగలిగింది? ప్లాన్ ధర తగ్గించడానికి రిసెప్షన్‌లో కూర్చున్న అబ్బాయికి అధికారం ఉండకపోవచ్చు, పన్ను అతని చేతిలో లేదు. రిజిస్ట్రేషన్ మాత్రం ఉత్త కాగితం పని. చాలాచోట్ల అడిగితే పోయే ముక్క అదే. పన్నుతో కలిపి అది 1,049 రూపాయలు, రౌండ్ ఫిగర్‌లో వచ్చినదానికి మూడు రెట్లు. "రౌండ్ ఫిగర్ వద్దు సార్, రిజిస్ట్రేషన్ తీసేయండి" అంటే అవతలి మొహంలో ఒక క్షణం మార్పు కనిపిస్తుంది. తర్వాత మామూలుగా మేనేజర్‌కి ఫోన్ వెళ్తుంది.

ఇదే సమయంలో వచ్చే ఇంకో మాట: "రోజుకి 44 రూపాయలే సార్, కాఫీ డబ్బులు." 15,999ని 365తో భాగిస్తే 43.83 వస్తుంది, అబద్ధమేమీ లేదు. కానీ జిమ్‌కి మనం 365 రోజులు వెళ్ళం. భాగించాల్సింది వెళ్ళే రోజులతో. దాని సంగతి కింద చూద్దాం.

మధ్య ప్లాన్‌ని చేత్తో మూసి చూడండి

బోర్డులో అసలు తెలివి ఇక్కడుంది. ఆరు నెలల ప్లాన్ 14,000. ఏడాది ప్లాన్ 16,000. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఆలోచించడానికేమీ లేదు, రెండు వేలకి ఆరు నెలలు వస్తున్నాయి. ఏడాది ప్లాన్ గెలుపు అంత తేలిగ్గా కనిపించేలా చేయడమే ఆరు నెలల ప్లాన్ పని.

దీన్ని మొదట ప్రయోగంగా చూపించింది జోయెల్ హ్యూబర్, జాన్ పేన్, క్రిస్టఫర్ పూటో, 1982లో. రెండు వస్తువుల మధ్య మనుషులు ఎటూ తేల్చుకోలేకపోతున్నప్పుడు, వాటిలో ఒకదానికంటే అన్నిటా కాస్త నాసిగా ఉండే మూడోదాన్ని పక్కన పెడితే, ఆ మూడోదాన్ని ఎవరూ కొనరు గానీ అది పోలిన మెరుగైనదాన్ని ఎంచుకునేవాళ్ళు పెరుగుతారు. మనకి విలువ విడిగా కొలవడం కష్టం, పోల్చడం తేలిక. పోలిక తేలిగ్గా దొరికిన చోటికే మనసు వెళ్తుంది. ఏడాదిని ఆరు నెలలతో పోల్చడం తేలిక, ఏడాదిని ఒక్క నెలతో పోల్చాలంటే నేనెన్నాళ్ళు వెళ్తానన్న ఇబ్బందికరమైన ప్రశ్న వేసుకోవాలి.

పరీక్ష చాలా సులువు. బోర్డు ఫొటో మీద మధ్య వరుసని బొటనవేలితో మూయండి. ఇప్పుడు మిగిలింది: 3,000 కట్టి ఒక నెల చూడడం, లేదా 16,000 ఒకేసారి కట్టేయడం. ఇంతకుముందు అంత తేలిగ్గా అనిపించిన ఏడాది ప్లాన్ ఇప్పుడు కూడా అలాగే ఉందా? మా వాడు మూసి చూసి, "పదహారు వేలు ఒకేసారా!" అన్నాడు. ఒక వరుస మూయగానే మిగిలిన రెండింటి మీద మీ అభిప్రాయం మారిందంటే, మూసింది డెకాయే.

రెండో పరీక్ష కాస్త లోతైనది. బోర్డు మీద లేని ప్లాన్ అడగండి. "మూడు నెలలది లేదా?" అంటే చాలాచోట్ల ఉంటుంది, బోర్డు మీద రాయరు. ఇక్కడా ఉంది. 6,999. ఇప్పుడు మూడు నెలల ప్లాన్లు రెండు కలపండి: 13,998. బోర్డు మీది ఆరు నెలల ప్లాన్ 13,999. అంటే ఆరు నెలలకి ఒకేసారి డబ్బు కట్టినందుకు తగ్గింపు ఏమీ లేకపోగా ఒక రూపాయి ఎక్కువ! మూడు నెలలు కట్టి, నచ్చితే ఇంకో మూడు నెలలు కట్టే వీలుండగా దాన్ని ఎవరు కొంటారు? ఎవరూ కొననవసరం లేదు. అది ఆ గోడ మీద ఉంటే చాలు. మూడు నెలల ప్లాన్ బోర్డెక్కకపోవడానికి కారణం కూడా ఇదే, అది కనిపిస్తే ఆరు నెలల ప్లాన్ బండారం బయటపడిపోతుంది.

అయితే నాసిగా కనిపించే ప్రతి ఆప్షనూ డెకాయ్ అనుకోనక్కర్లేదు. ఫ్రిజ్‌ల షాపులో పాత మోడల్ కొత్తదానికి దగ్గర ధరలో ఉంటే అది మిగిలిపోయిన స్టాకు కావచ్చు. పైగా డెకాయ్ ప్రభావం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. 2014లో షేన్ ఫ్రెడరిక్, లెనార్డ్ లీ, ఎర్నెస్ట్ బాస్కిన్ చేసిన పరిశోధనలో, లక్షణాలన్నీ అంకెల్లో రాసి ఉన్నప్పుడు ఈ ప్రభావం బాగా కనిపించింది. మనుషులు వస్తువుని బొమ్మలో చూసినప్పుడో, స్వయంగా రుచి చూసినప్పుడో బాగా తగ్గిపోయింది. చీరని చేతిలోకి తీసుకుని అంచు తిప్పి చూసి కొనే అమ్మ దగ్గర కంటే, అంకెల పట్టిక చూసి డేటా ప్యాక్ కొనే కొడుకు దగ్గర డెకాయ్ ఎక్కువ పనిచేస్తుంది. జిమ్ ప్లాన్లు, ఓటీటీ చందాలు, ఇన్సూరెన్స్, క్లౌడ్ స్టోరేజ్ అన్నీ అంకెల పట్టికలే. అందుకే జిమ్‌కి ఒక్కరోజు ట్రయల్ అడగమని చెప్తాను. ఉదయం ఏడింటికి ట్రెడ్‌మిల్ దగ్గర క్యూ ఎంత ఉందో పట్టిక చెప్పదు.

ఎన్నో నెల నుంచి ఏడాది ప్లాన్ లాభం?

ఇప్పటివరకు చేసింది అడ్డం తొలగించడం. ఇక అసలు లెక్క. రిజిస్ట్రేషన్ ఎలాగూ ఒకసారే, అన్ని ప్లాన్లకీ ఉంది కాబట్టి దాన్ని పక్కన పెడదాం. పన్ను కూడా అన్నిటికీ అదే శాతం.

ఏడాది ప్లాన్ 16,000. దాని పక్కన చిన్న ప్లాన్లు కలుపుకుంటూ వెళ్తే మూడు నెలలకి 7,000, ఆరు నెలలకి 14,000, ఏడు నెలలకి 17,000. అంటే ఏడో నెలలో కూడా జిమ్‌కి వెళ్ళేవాడికే ఏడాది ప్లాన్ లాభం. ఆరు నెలల లోపు మానేసేవాడికి నష్టం. ఎంత పెద్ద బోర్డయినా చివరికి ఇలాంటి ఒక్క ప్రశ్న దగ్గరికి రావాలి. ఇక్కడ ఆ ప్రశ్న: ఏడో నెలలో నేను ఇంకా వెళ్తూ ఉంటానా?

దీనికి సమాధానం ఉత్సాహాన్ని అడగకండి, పాత రికార్డుని అడగండి. ఇంతకుముందు చేరిన జిమ్, ఈత క్లాసు, బ్యాడ్మింటన్ కోర్టు ఏవైనా ఉంటే, అక్కడ చివరిసారి వెళ్ళింది ఎన్నో నెలలో? మా వాడు ముందు బాగా నసిగి, తర్వాత తన లెక్క ఒప్పుకున్నాడు. మొదటి రెండు నెలలు నెలకి 12 సార్లు, తర్వాత రెండు నెలలు 6 సార్లు, ఆపైన ప్రాజెక్ట్ రిలీజ్, ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్, ఊరెళ్ళడాలు. మొత్తం 36 సార్లు. ఈసారి కూడా అలాగే అయితే ఏమవుతుందో రిజిస్ట్రేషన్, పన్ను అన్నీ కలిపి చూద్దాం.

ఏడాది ప్లాన్ అయితే 17,848ని 36తో భాగించాలి. ఒక్కసారి వెళ్ళినందుకు 496 రూపాయలు. అదే మూడు నెలల ప్లాన్ తీసుకుని, తర్వాత ఒక నెల పొడిగిస్తే మొత్తం 11,547. ఒక్కసారికి 321. మూడు నెలలతోనే ఆపేస్తే 8,398, వెళ్ళేది 30 సార్లు, ఒక్కసారికి 280. మరి ఏడాదంతా నెలకి 12 సార్లు క్రమం తప్పకుండా వెళ్తే? 144 సార్లు, ఒక్కసారికి 124. ఆ మనిషికి ఏడాది ప్లాన్ నిజంగానే మంచి బేరం. బోర్డు అబద్ధం చెప్పడం లేదు. ఆ మనిషి మీరేనని నమ్మించడానికి ప్రయత్నిస్తోంది, అంతే.

ఎక్కువమంది ఆ మనిషి కారని చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అమెరికాలోని జిమ్‌ల హాజరు రికార్డులు తీసి 2006లో ప్రచురించారు. నెలకి 70 డాలర్లకి పైగా చందా కట్టేవాళ్ళు సగటున నెలకి 4.3 సార్లే వెళ్ళారు. ఒక్కసారికి 17 డాలర్లు దాటింది. అదే జిమ్‌లలో ఒక్కసారికి 10 డాలర్లు పడే పది సార్ల పాస్ కూడా అందుబాటులో ఉంది. మన జిమ్‌లలో కూడా ఇన్నిసార్లు అని అమ్మే పాస్ ఉందేమో అడగండి. అదీ బోర్డు మీద ఉండదు.

"ఈ రోజు వరకే" అన్నప్పుడు

లెక్క అయ్యాక కూడా ఒక ఒత్తిడి మిగులుతుంది: ఆఫర్ ఈ రోజుతో అయిపోతుంది. దీనికి నేను చెప్పేది, ఆ ధరని, ఆఖరి తేదీని వాట్సాప్‌లో పంపమని అడగండి. పంపితే మంచిదే, మీ దగ్గర రాత ఉంటుంది. పంపడానికి వెనకాడితే ఆ గడువు ఎంత నిజమో అర్థమైపోతుంది. రెండు రోజులాగి ఫోన్ చేస్తే "మేనేజర్‌తో మాట్లాడి మీకు మాత్రం ఇప్పిస్తాను" అన్న మాట వినడం చాలా మామూలు విషయం.

ఆన్‌లైన్‌లో ఇలాంటి దొంగ గడువులు పెట్టడం నిబంధనలకి విరుద్ధం కూడా. కొనేవాళ్ళని తప్పుదారి పట్టించే ఎత్తుగడలని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో వాటి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఉన్న 13 రకాల్లో లేని తొందరని సృష్టించడం ఒకటి. మొదట తక్కువ ధర చూపించి చివర్లో ఛార్జీలు తగిలించడం ఇంకొకటి. చందా రద్దు చేసుకోవడం కష్టతరం చేయడం కూడా ఆ జాబితాలో ఉంది. యాప్‌లో కట్టి ఇలాంటిది ఎదురైతే స్క్రీన్‌షాట్లు తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. కానీ కొట్టేసిన ధర, 999, డెకాయ్ ప్లాన్ వాటంతట అవి నేరాలు కావు. వాటి విషయంలో ఫిర్యాదు పనికిరాదు, పనికొచ్చేవి కాగితమూ పెన్నే.

డబ్బు కట్టే ముందు రాతలో తీసుకోవాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. ఊరెళ్ళినప్పుడు ప్లాన్ ఎన్ని రోజులు ఆపుకోవచ్చు, ఇల్లు మారితే వేరొకరి పేరు మీదకి మార్చడానికి ఎంత తీసుకుంటారు. బెంగళూరులో అద్దె ఇళ్ళలో ఉండే మనవాళ్ళకి ఈ రెండోది చిన్న విషయం కాదు. పదకొండు నెలల అగ్రిమెంట్ అయ్యాక ఇల్లు సర్జాపూర్ వైపు మారితే మారతహళ్ళి జిమ్‌లో మిగిలిన నెలలు ఉన్నా లేనట్టే.

మా వాడు చివరికి మూడు నెలల ప్లాన్ అడిగాడు. మొదట "అది ఇప్పుడు ఇవ్వట్లేదు సార్" అన్నారట. సరే, పక్క వీధి జిమ్ చూస్తానని లేచేసరికి ఇచ్చారు, రిజిస్ట్రేషన్ కూడా తీసేశారు. పన్నుతో 7,349 కట్టాడు. నెలకి 2,450 పడింది, తను రాసుకున్న 2,000 దాటింది. అది తెలిసే కట్టానన్నాడు, నడిచి వెళ్ళే దూరంలో ఉందని. మూడో నెల ఆఖర్లో రెన్యూవల్ మెసేజ్ వస్తుంది, అందులో మళ్ళీ ఒక అంకె కొట్టేసి ఉంటుంది. దాన్ని తెరిచే ముందు ఆ మూడు నెలల్లో ఎన్నిసార్లు వెళ్ళాడో జిమ్ యాప్‌లో హాజరు చూసి రాసుకోమన్నాను.